నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూలో "నర్సింగే ఎందుకు?" అని అడిగితే

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ బైపీసీ పాసయ్యాను. ఒక మిషన్ ఆసుపత్రి కాలేజీలో బీఎస్సీ నర్సింగ్‌కు వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంది. నర్సింగ్ ఎందుకు ఎంచుకున్నావు, నీలో దయ ఉందా, ఇలాంటివి అడుగుతారట. నీట్ రాశాను, సీటు రాలేదు. అది చెప్పొచ్చా? మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు మంచంలో ఉంది, కాలేజీ నుంచి వచ్చాక నేనే చూసుకునేదాన్ని. అలాంటి ఇంటి విషయాలు చెబితే బాగుంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది. సమాధానాలు రాసిస్తే నేర్చుకుంటాను.

సమాధానం:

అమ్మా, సమాధానాలు రాసిస్తాను. కానీ వాటిని బట్టీ పట్టకు. నేను వార్డు సిస్టర్‌గా, ఆ తర్వాత ట్యూటర్‌గా పనిచేసి, చాలా ఏళ్లు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నాను. బట్టీ పట్టిన సమాధానం మొదటి ప్రశ్నకు పనికొస్తుంది. రెండో ప్రశ్నకు ఆగిపోతుంది. మా బోర్డులో మార్కులు పడేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

ముందు ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లో కన్వీనర్ కోటా సీట్లు ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇస్తారు, అక్కడ ఇంటర్వ్యూ ఉండదు. ఇంటర్వ్యూ ఉండేది ఎక్కువగా నువ్వు చెప్పినలాంటి మిషన్ కాలేజీల్లో, మిలిటరీ నర్సింగ్‌లో. మిషన్ కాలేజీ అయితే బల్లకు అవతల సాధారణంగా ప్రిన్సిపాల్, ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్, ఒక డాక్టర్ ఉంటారు. కొన్నిచోట్ల పాస్టర్ గారు కూడా ఉంటారు. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

వాళ్ల మనసులో ఏముంటుందో తెలిస్తే నీకు సగం భయం పోతుంది. ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు వార్డుకు వెళ్లిన కొత్తలోనే మానేసి ఇంటికి వెళ్లిపోతారు. బెడ్‌పాన్ ఎత్తాల్సి వస్తుందని, వాంతి తుడవాలని, రాత్రి డ్యూటీ ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. అలా మధ్యలో మానేసిన అమ్మాయి సీటు ఆ నాలుగేళ్ల కోర్సు అయ్యేవరకు ఖాళీగానే ఉండిపోతుంది. అందుకే "నర్సింగ్ ఎందుకు?" అని అడిగినప్పుడు బోర్డు నిజానికి తెలుసుకోవాలనుకునేది ఒకటే: ఈ పిల్లకు ఈ పని ఏమిటో తెలిసే వచ్చిందా?

ఒక ఏడాది వచ్చిన అమ్మాయి నాకు బాగా గుర్తుంది. ఇస్త్రీ చేసిన తెల్ల చుడీదార్, చేతిలో ఫైలు, చాలా చక్కగా కూర్చుంది. "చిన్నప్పటి నుంచి పేదలకు సేవ చేయాలని నా కోరిక మేడమ్. ఫ్లోరెన్స్ నైటింగేల్ నాకు ఆదర్శం" అంది. మా సూపరింటెండెంట్ మెల్లగానే అడిగారు, "ఆవిడ ఏం చేసిందమ్మా?" అని. "రాత్రిపూట దీపం పట్టుకుని సైనికుల దగ్గర తిరిగింది మేడమ్." "దీపం పట్టుకుంటే రోగం తగ్గుతుందా?" ఆ అమ్మాయి తల వంచుకుంది. తర్వాత పది నిమిషాలు ఏం అడిగినా గొంతు పెగల్లేదు. తెలివైన పిల్లే, మార్కులు కూడా బాగున్నాయి. తనది కాని మాట చెప్పడం వల్ల వచ్చిన చిక్కు అది.

ఆ పేరు చెప్పాలనుకుంటే ఈ నాలుగు ముక్కలు తెలిసి చెప్పు. 1854లో క్రిమియా యుద్ధం సమయంలో ఆమె స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ సైనికులు గాయాల కంటే కలరా, విరేచనాలు, టైఫస్ లాంటి జబ్బులతోనే ఎక్కువగా చనిపోతున్నారు. ఆమె శుభ్రత, గాలి, మంచి తిండి మీద పట్టుబట్టింది, ఎవరు దేనివల్ల పోయారో లెక్కలు రాసి ప్రభుత్వం ముందు పెట్టింది. ఇది చెప్పగలిగితే ఆ పేరు నీకు పనికొస్తుంది. లేదంటే ఆ పేరు ఎత్తకపోయినా ఒక్క మార్కు కూడా పోదు.

నీకు ఆ పేరుతో అవసరమే లేదు. మీ నాయనమ్మ ఉంది. ఎనిమిది నెలలు మంచంలో ఉన్న మనిషిని చూసుకున్న పిల్లకు నర్సు పని ఏమిటో సగం తెలిసినట్టే. చాలామంది "ఇంటి విషయాలు కదా" అని దాచేస్తారు. బోర్డు వినాలనుకునేది వాటినే.

నేనైతే నీ సమాధానాన్ని ఇలా అల్లుతాను. వివరాలు నీవి పెట్టుకో, జరగనిది ఒక్కటి కూడా కలపకు.

"మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది మేడమ్. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు అక్కడి సిస్టర్ మా అమ్మకు, నాకు పక్క మార్చడం, కూర్చోబెట్టి తినిపించడం చేసి చూపించారు. సాయంత్రం నుంచి పొద్దున వరకు ఆ పని నాది. మొదట్లో బట్టలు మార్చాలంటే నాకు ఇబ్బందిగా ఉండేది, ఆమెకు ఇంకా సిగ్గుగా ఉండేది. తలుపు వేసి, దుప్పటి కప్పి ఉంచి, మార్చే ముందు ఆమెకు చెప్పి మార్చడం అలవాటు చేసుకున్నాను. డాక్టర్ గారు వారానికి ఒకసారి చూసేవారు. మిగతా సమయమంతా ఆమె ఎలా ఉందన్నది ఆ సిస్టర్ నేర్పిన పనుల మీదే ఆధారపడి ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆ పని సరిగ్గా నేర్చుకోవాలని ఈ కోర్సుకు వచ్చాను."

ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. ఇందులో "సేవ" అన్న మాట లేదు, "దయ" అన్న మాట లేదు. అయినా తలుపు వేసి, దుప్పటి కప్పి, ముందుగా చెప్పి మార్చడం అన్నచోట బల్ల అవతల ఉన్న ప్రతి నర్సూ తల ఎత్తి నిన్ను చూస్తుంది. మొదటి ఏడాది మేము నేర్పించే పాఠం అదే మరి.

ఇప్పుడు రెండో ప్రశ్న వస్తుంది. "పక్క మార్చావన్నావు కదా, ఎంతసేపటికి? ఎందుకు?" ఇక్కడ నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పు. "రెండు గంటలకోసారి మార్చమన్నారు మేడమ్. ఒకే చోట బరువు పడితే అక్కడికి రక్తం సరిగా అందక పుండు పడుతుందని చెప్పారు." "పుండు పడబోతోందని ఎలా తెలుస్తుంది?" అని అడగవచ్చు. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు తగ్గకపోతే అది మొదలైనట్టు. మనలాంటి చామనఛాయ ఒంట్లో ఎరుపు సరిగ్గా కనపడదు. ఆ చోటు రంగు మారుతుంది, పక్కనున్న చర్మం కంటే వెచ్చగానో గట్టిగానో తగులుతుంది. నువ్వు ఇది చూసి ఉంటే చెప్పు. చూడకపోతే "నాకు తెలియదు మేడమ్, రెండు గంటలకోసారి మార్చడం మాత్రం మానలేదు" అను. తెలియదు అన్నందుకు మేము ఎవరికీ మార్కులు తగ్గించలేదు. తెలియకుండా అల్లి చెప్పినవాళ్లకు తగ్గించాం. వార్డులో తెలియని మందు గురించి తెలిసినట్టు నటించే నర్సు ఎంత ప్రమాదమో మాకు తెలుసు కాబట్టి.

"రాత్రి రెండు గంటలకోసారి లేచేదానివా? ఎప్పుడూ నిద్రపోలేదా?" అని కూడా అడుగుతారు. ఇది ఉచ్చు కాదు, నిజాయితీ చూడడం. "రెండు మూడుసార్లు నిద్రపట్టేసింది మేడమ్. తర్వాత ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, పరీక్షలప్పుడు అమ్మ లేచేది" అని చెప్పిన అమ్మాయిని నేను నమ్ముతాను. ఒక్క రాత్రి కూడా తప్పలేదన్న అమ్మాయిని నమ్మడం కష్టం.

నీట్ సంగతి దాచకు. బైపీసీ పిల్లల్లో చాలామంది రాసే వస్తారని బోర్డుకు తెలుసు. తప్పెక్కడ వస్తుందంటే "డాక్టర్ కాలేకపోయాను, కనీసం నర్సునైనా అవుదామని" అన్నచోట. ఆ "కనీసం" అన్న మాట విని నర్సింగ్ సూపరింటెండెంట్ ముఖం ఎలా మారుతుందో నేను పక్కనే కూర్చుని చూశాను. ఇలా చెప్పు:

"రాశాను మేడమ్, సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇంట్లో లాంగ్ టర్మ్ చేరమన్నారు. నాయనమ్మ దగ్గర ఎనిమిది నెలలు ఉన్నాక నాకు ఏ పని నచ్చిందో ఆలోచించాను. జబ్బు ఏమిటో కనిపెట్టే పని కంటే, మనిషి పక్కనే ఉండి రోజు రోజుకూ మార్పు చూసే పని నాకు నచ్చింది. అందుకే లాంగ్ టర్మ్ వద్దని ఇంట్లో నేనే చెప్పాను."

చివరి వాక్యం నిజమైతేనే చెప్పాలి. మనసులో ఇంకా ఎంబీబీఎస్సే ఉంటే ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకో. "వచ్చే ఏడాది నీట్‌లో సీటొస్తే వెళ్లిపోతావా?" అని తప్పకుండా అడుగుతారు, అప్పుడు నీ ముఖమే చెప్పేస్తుంది.

దయ గురించి ఇంకాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. "నీలో దయ ఉందా?" అని ఎవరూ నేరుగా అడగరు. ఒక సందర్భం చెప్పి "నువ్వేం చేస్తావు?" అంటారు. పిల్లలు వెంటనే జాలి చూపించే మాటలు చెబుతారు: ఓదారుస్తాను, ధైర్యం చెబుతాను, నా సొంత డబ్బు ఇస్తాను, దేవుణ్ణి ప్రార్థిస్తాను. ఇవి చెడ్డ మాటలు కావు. కానీ జాలి మన గుండెలో కలిగేది. నర్సు దగ్గర ఉండాల్సిన దయ రోగికి అందేది. అవతలి మనిషికి ఇప్పుడు ఏం కావాలో కనిపెట్టి, మన చేతనైనంత చేసి, మన చేతిలో లేనిది చేయగలవాళ్లకు చెప్పాలి. నీ ప్రతి సమాధానంలో ఈ మూడూ ఉన్నాయా అని చూసుకో.

నేను ఇది తప్పు చేసి నేర్చుకున్నాను. విద్యార్థినిగా మొదటి ఏడాది, మగవాళ్ల సర్జికల్ వార్డులో ఒక తాత ఉండేవాడు. షుగర్ వల్ల పాదం నల్లబడింది. ఒక సాయంత్రం టెంపరేచర్ చూస్తుంటే నా చెయ్యి పట్టుకుని "అమ్మాయ్, నా కాలు తీసేస్తారా?" అని అడిగాడు. నాకు గుండె కరిగిపోయింది. "ఏం కాదు తాతా, తగ్గిపోతుంది" అన్నాను. నాకు ఏమీ తెలియదు, కేసు షీటు కూడా చూడలేదు. మర్నాడు పొద్దున ఆయన పేరు ఆపరేషన్ లిస్టులో ఉంది, మోకాలి కింద తీసేశారు. మూడో రోజు నేను నీళ్లు ఇవ్వబోతే గోడవైపు తిరిగి పడుకున్నాడు. డిశ్చార్జి అయ్యేవరకు నాతో మాట్లాడలేదు. నా మాట వల్ల ఆయన కాలు పోలేదు. కానీ ఆ రాత్రి ఆయనకు డాక్టర్‌ను అడగాలని, కొడుకును పిలిపించాలని ఉండి ఉండొచ్చు. ఏం కాదని చెప్పి ఆ అవకాశం లేకుండా చేశాను.

ఈ ప్రశ్ననే బోర్డులో నేను చాలామందిని అడిగాను: "రోగి నేను బతుకుతానా అని అడిగితే ఏం చెబుతావు?" నాకు నచ్చిన సమాధానం ఇలా ఉంటుంది:

"తెలియకుండా ఏం కాదని చెప్పను మేడమ్. భయపెట్టే మాట కూడా చెప్పను. పని ఆపి పక్కన కూర్చుని, మీకు ఎందుకు అలా అనిపిస్తోంది అని అడుగుతాను. ఆయన చెప్పింది వింటాను. నాకు జబ్బు సంగతి పూర్తిగా తెలియదు, డాక్టర్ గారితో మాట్లాడేలా చూస్తాను అని చెబుతాను. వెంటనే డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు ఆయన ఇలా అడిగారని చెబుతాను."

పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల నుంచి ఇంతకంటే ఎవరూ ఆశించరు. చివరి వాక్యం మరిచిపోకు. విద్యార్థిని సొంత నిర్ణయాలు తీసుకోదు, పై వాళ్లకు చెబుతుంది. ఇది తెలిసిన అమ్మాయి వార్డులో ప్రమాదం తెచ్చిపెట్టదని బోర్డుకు ధీమా.

ఇదే పద్ధతి మిగతా సందర్భాలకూ సరిపోతుంది. "రోగి బంధువు నీ మీద అరిస్తే?" అంటే, "నేనూ మనిషినే కాబట్టి బాధ కలుగుతుంది మేడమ్. కానీ ఎదురు అరవను. ఎందుకు కోపం వచ్చిందో అడుగుతాను. నొప్పి మందు ఆలస్యమైందనో, ఎవరూ ఏమీ చెప్పలేదనో ఉంటే సిస్టర్‌కు చెప్పి అది చూస్తాను. చెయ్యి చేసుకునేలా ఉంటే పక్కకు జరిగి సిస్టర్‌ను, సెక్యూరిటీని పిలుస్తాను" అను. ఎన్ని తిట్టినా, కొట్టినా భరిస్తాను అని మాత్రం అనకు. భరించడం గొప్ప అని కొందరు అనుకుంటారు, నేను ఒప్పుకోను.

"ఒకాయన మంచినీళ్లు అడుగుతున్నాడు, పక్క మంచం మీద ఇంకొకాయనకు ఆయాసం వస్తోంది, ఎవరి దగ్గరికి వెళ్తావు?" ఆయాసం ఉన్నవాళ్ల దగ్గరికి, సిస్టర్‌ను పిలుస్తూనే. నీళ్లు అడిగినాయనకు "ఇప్పుడే వస్తాను" అని చెప్పి వెళ్లాలి, తర్వాత మరిచిపోకుండా రావాలి. ఆ ఒక్క మాట చెప్పడం గుర్తున్నవాళ్లు చాలా తక్కువ.

మన ప్రాంతాల్లో ఇంకో ప్రశ్న తరచుగా అడుగుతాం. "మీ ఊరాయన ఒకరు వార్డులో చేరారు. సెలవుకు ఇంటికెళ్తే మీ అమ్మ, ఆయనకు ఏం జబ్బట అని అడిగింది. చెబుతావా?" పిల్లలు నవ్వేసి "అమ్మకే కదా మేడమ్" అంటారు. చెప్పకూడదు. "ఆసుపత్రి విషయాలు బయట చెప్పకూడదమ్మా, వాళ్లింట్లోనే అడుగు అంటాను" అని చెప్పు. ఊళ్లో ఒకరి జబ్బు పేరు బయటికి వస్తే పెళ్లి సంబంధాలు ఆగిపోయిన ఇళ్లు నేను చూశాను.

"విదేశాలకు వెళ్తావా?" అని అడిగితే వెళ్లను అని ఒట్టు పెట్టకు, ఎవరూ నమ్మరు. "ముందు ఇక్కడ బాగా నేర్చుకోవాలి మేడమ్. ప్రాస్పెక్టస్‌లో సర్వీసు షరతు ఉంటే అది పూర్తి చేస్తాను. తర్వాత సంగతి ఇంకా ఆలోచించలేదు" అంటే చాలు. అందుకని ప్రాస్పెక్టస్ ఒకసారి పూర్తిగా చదువుకో. చాలా మిషన్ కాలేజీల్లో చదువు అయ్యాక కొంతకాలం పనిచేయాలన్న నిబంధన ఉంటుంది. అది తెలియకుండా వచ్చావంటే వాళ్లకు బాధ కలుగుతుంది.

రక్తం చూస్తే భయమా అన్నదానికి, భయం ఉంటే ఉందనే చెప్పు. మొదటిసారి డ్రెస్సింగ్ చూసి కళ్లు తిరిగిన మా విద్యార్థినులు తర్వాత ఐసీయూల్లో ఇన్‌ఛార్జులయ్యారు.

కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి ఇంటర్వ్యూ కూడా ఇంగ్లిష్‌లో మొదలుపెడతారు. పేరు, ఊరు, చదువు, ఇంట్లో ఎవరెవరు అన్నంతవరకు ఇంగ్లిష్‌లో తడుముకోకుండా చెప్పడం నేర్చుకో. నాయనమ్మ సంగతి దగ్గర మాటలు దొరక్కపోతే "తెలుగులో చెప్పవచ్చా మేడమ్?" అని అడుగు. మా బోర్డు ఎప్పుడూ కాదనలేదు. అయితే అదే సంగతిని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో కూడా సిద్ధం చేసుకుని వెళ్లు. కొన్ని బోర్డులు పట్టుబట్టవచ్చు.

ఈ నెల రోజుల్లో రెండు పనులు చెయ్యి. మీ ఊరి పీహెచ్‌సీలోనో, తెలిసిన ఆసుపత్రిలోనో పనిచేసే స్టాఫ్ నర్సు దగ్గర అరగంట కూర్చుని, డ్యూటీ ఎక్కగానే మొదట ఏం చేస్తారు, ఏది కష్టం అని అడుగు. మొదట చేసేది ముందు షిఫ్టు వాళ్ల దగ్గర ఒక్కో రోగి సంగతి అప్పగింతగా తీసుకోవడం అని ఆమె చెబుతుంది. నర్సు పని గురించి అడిగితే చెప్పడానికి అది నీ సొంత మాట అవుతుంది. రెండోది, నాయనమ్మ సంగతి మీ పిన్నికో అక్కకో చెప్పు. కాగితం చూడకుండా చెప్పాలి. వాళ్లు ప్రతి వాక్యానికీ "ఎందుకు?", "అప్పుడు నువ్వేం చేశావు?" అని అడ్డం పడాలి. ఫోన్‌లో రికార్డు చేసి విను. "మేము" అన్నచోటల్లా ఆగి, అందులో నువ్వు చేసింది ఏదో వేరు చేసి చెప్పుకో. ప్రతిసారీ మాటలు కొద్దిగా మారుతున్నాయంటే సరిగ్గా నేర్చుకున్నట్టు. అవే మాటలు అలాగే వస్తున్నాయంటే బట్టీ అయిపోయింది, రెండు రోజులు వదిలేయి.

చెబుతుంటే నాయనమ్మ గుర్తొచ్చి కన్నీళ్లు వస్తే కంగారు పడకు. "ఒక్క నిమిషం మేడమ్" అని, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టు. నా ముందు అలా ఆగి, కళ్లు తుడుచుకుని, వదిలిన వాక్యం దగ్గరే మళ్లీ అందుకున్న పిల్లలున్నారు. వాళ్ల కాగితం మీద నేను "సెలెక్ట్" అని రాశాను.

చివర "మమ్మల్ని ఏమైనా అడుగుతావా?" అంటారు. హాస్టల్ భోజనం గురించి కాకుండా, "మొదటి సంవత్సరంలో మమ్మల్ని వార్డుకు ఎప్పటి నుంచి పంపిస్తారు మేడమ్? మొదట ఏ వార్డు?" అని అడుగు. నాయనమ్మ దగ్గర నువ్వు చేసిన పనులు, తెలిసినవీ తప్పినవీ అన్నీ, ఒక పేజీ రాసి ఇక్కడ పెట్టు. బోర్డు వాటిలో ఎక్కడ ఆపి ప్రశ్న వేస్తుందో గుర్తు పెట్టి పంపిస్తాను.